దర్యాప్తు చేయడానికి ఇంకేముంది?

మన పత్రికల్లో ‘కొట్టివేత’ అనే మాట రెండు పరస్పర విరుద్ధమైన సంఘటనలకు వాడుకలో ఉంది. ‘క్వాష్ పిటిషన్ కొట్టివేత’ అంటే కేసు నిలబడిందని అర్థం. ‘ఎఫ్‌ఐఆర్ కొట్టివేత’ అంటే కేసు పోయిందని అర్థం. టీవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లో ‘కొట్టివేసిన హైకోర్టు’ అని కనిపించగానే ఒక పార్టీ కార్యకర్తలు బాణసంచా కాలుస్తారు. అసలు కొట్టివేసింది తమ నాయకుడి పిటిషన్‌నే అని పది నిమిషాల తరువాత తెలుస్తుంది. ఇది భాషకు సంబంధించిన చిక్కు మాత్రమే అయితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఎప్పుడు ఏది కొట్టివేయాలన్న విషయంలో న్యాయస్థానాల్లోనే ఇంతకంటే పెద్ద గందరగోళం ఉంది. దాని ఫలితాన్ని కొందరు జైలులోనూ, కొందరు స్టే నీడలోనూ అనుభవిస్తున్నారు.

నా వాదన ఒక్కటే. క్వాష్ పిటిషన్ ముందుకొచ్చినప్పుడు హైకోర్టు అన్నిటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న: ఈ కేసులో పోలీసులు కొత్తగా తెలుసుకోవలసింది ఏమైనా ఉందా? లేదంటే అక్కడికక్కడే తేల్చాలి. ఉందంటే పూర్తిగా పక్కకు తప్పుకోవాలి. మన హైకోర్టులు తరచుగా ఈ రెండూ కాక మూడో పని చేస్తున్నాయి. తేల్చవలసిన చోట దర్యాప్తు తొలిదశలో ఉందని చేతులు దులుపుకుంటున్నాయి. తప్పుకోవలసిన చోట కేసును సగంలో ఆపి వాయిదా వేస్తున్నాయి.

చట్టం ఏమంటోందో ముందు చూద్దాం. ఎఫ్‌ఐఆర్ నేరారోపణ పత్రం కాదు, తీర్పు అంతకంటే కాదు. ఒక నేరం జరిగిందని పోలీస్ స్టేషన్‌కు అందిన మొదటి సమాచారం అది. దర్యాప్తు యంత్రం కదలడానికి అది తాళంచెవి. దాన్ని రద్దు చేసే అధికారం హైకోర్టుకు 2024 జూన్ నెలాఖరు వరకు నేర విచారణ ప్రక్రియా స్మృతి 482వ సెక్షన్ పేరుతో ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 528వ సెక్షన్‌గా ఉంది. (కొత్త చట్టంలో 482వ సంఖ్య ముందస్తు బెయిలుకు దక్కింది. పాత అలవాటు కొద్దీ ‘నాలుగు ఎనభై రెండు వేశాం’ అనే వకీళ్ల మాటకు అర్థం ఇప్పుడు పూర్తిగా మారిపోయింది. ఈ సంఖ్య మళ్ళీ మన దారిలోకి వస్తుంది.) విశేషమేమిటంటే ఈ సెక్షన్ హైకోర్టుకు కొత్తగా ఏ అధికారాన్నీ ఇవ్వదు. న్యాయప్రక్రియ దుర్వినియోగం కాకుండా అడ్డుకోవడానికీ, న్యాయం చేకూర్చడానికీ హైకోర్టుకు స్వతహాగా ఉన్న అధికారాన్ని ఈ చట్టం తగ్గించడం లేదని మాత్రమే చెబుతుంది. రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద కూడా ఇదే ఉపశమనం కోరవచ్చు.

ఈ దశలో కోర్టు వేసే పరీక్ష సాధారణ పాఠకులు ఊహించేదానికి భిన్నంగా ఉంటుంది. ‘ఇది నిజమా?’ అని కోర్టు అడగదు. ఎఫ్‌ఐఆర్‌లో రాసిన ప్రతి అక్షరమూ నిజమే అనుకుందాం, అప్పుడైనా చట్టం చెప్పిన నేరం అందులో ఏర్పడుతుందా అని అడుగుతుంది. ఏర్పడకపోతే కేసు అక్కడితో ఆగాలి. ఏర్పడితే నిజానిజాలు తేల్చడం దర్యాప్తు అధికారి పని, ఆ తరువాత విచారణ కోర్టు పని. నిందితుడు తనవైపు పత్రాలు ఎన్ని తెచ్చి బల్ల మీద పెట్టినా సాధారణంగా ఈ దశలో వాటిని తూకం వేయరు.

ఇక్కడ ప్రతి వకీలు నోటా వినిపించే పేరు భజన్‌లాల్. హర్యానా ప్రభుత్వం దాఖలు చేసిన అప్పీలులో 1990 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. ఎఫ్‌ఐఆర్‌ను రద్దు చేయదగిన ఏడు రకాల సందర్భాలను ఉదాహరణగా అందులో పేర్కొన్నారు. నేరమే ఏర్పడని ఆరోపణలు, ఏ వివేకవంతుడూ నమ్మలేని అసంబద్ధ ఆరోపణలు, చట్టమే ప్రాసిక్యూషన్‌ను నిషేధించిన సందర్భాలు, కక్షతో పెట్టిన కేసులు ఆ జాబితాలో కనిపిస్తాయి. ఈ ముప్ఫై అయిదేళ్లలో దాఖలైన క్వాష్ పిటిషన్లలో ఆ ఏడింటినీ దించని పిటిషన్ అరుదు.

అయితే ఆ కేసులో అసలు ఏం జరిగిందో చెప్పేవారు తక్కువ. 1987లో హర్యానాలో దేవీలాల్ అధికారంలోకి వచ్చారు. మాజీ ముఖ్యమంత్రి భజన్‌లాల్ అప్పటికి రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో ఉన్నారు. ఆయన ఆదాయానికి మించి ఆస్తులు కూడబెట్టారని ఒక వ్యక్తి నేరుగా ముఖ్యమంత్రికే ఫిర్యాదు ఇచ్చాడు. ఆ కాగితం ముఖ్యమంత్రి కార్యాలయం నుంచి డీజీపీకీ, అక్కడి నుంచి ఎస్పీకీ, ఎస్పీ నుంచి స్టేషన్ అధికారికీ చేరింది. కేసు నమోదైంది. రాజకీయ కక్ష అనడానికి ఇంతకంటే స్పష్టమైన నమూనా దొరకదు. హైకోర్టు కూడా అలాగే చూసి ఎఫ్‌ఐఆర్‌ను రద్దు చేసింది. సుప్రీంకోర్టు ఏం చేసింది? జస్టిస్ రత్నవేల్ పాండియన్, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ కె. జయచంద్రారెడ్డి కూర్చున్న ధర్మాసనం ఆ రద్దును పక్కనపెట్టి ఎఫ్‌ఐఆర్‌ను పునరుద్ధరించింది. ఫిర్యాదుదారుకు కక్ష ఉన్నంత మాత్రాన ఆరోపణ అబద్ధం కాదనీ, ఆ కారణం ఒక్కదానితో ఈ దశలో కేసును తుంచకూడదనీ స్పష్టం చేసింది. దర్యాప్తు చేసిన అధికారికి చట్టప్రకారం తగిన అధికారం లేదు కనుక అప్పటిదాకా సాగిన దర్యాప్తును మాత్రం రద్దు చేసి, అర్హుడైన అధికారితో చేయించుకునే స్వేచ్ఛను ప్రభుత్వానికి వదిలింది. అంటే, కేసులు రద్దు చేయమని కోరేవారందరూ శిరసున ధరించే తీర్పు నిజానికి కేసును నిలబెట్టిన తీర్పు. ఇది తెలిస్తే ‘రాజకీయ కక్ష’ అనే రెండు మాటలతో మొదలై అవే రెండు మాటలతో ముగిసే పిటిషన్లు సగానికి తగ్గవలసింది.

ఇప్పుడు ఇటీవలి కేసుకు వద్దాం. అవసరమైన వివరాలన్నీ బహిరంగంగా ఉన్నాయి కనుక దీన్ని అడుగడుగునా పరీక్షించవచ్చు.

రాజ్యసభ కాంగ్రెస్ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ 2024 డిసెంబరు చివరలో గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో ఒక సామూహిక వివాహ వేడుకకు వెళ్ళారు. ఆ సందర్భంగా తీసిన వీడియోను తన ఎక్స్ ఖాతాలో పెట్టారు. నిడివి 46 సెకన్లు. దృశ్యం వెనుక ఒక ఉర్దూ కవిత వినిపిస్తుంటుంది. 2025 జనవరి 3న జామ్‌నగర్ పోలీసులు ఎఫ్‌ఐఆర్ నమోదు చేశారు. వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం, జాతీయ సమైక్యతకు భంగం కలిగించే మాటలు, మత భావాలను గాయపరచడం వంటి నేరాలను భారతీయ న్యాయ సంహిత నుంచి ఏరి ఒకచోట చేర్చారు.

ఆ కవిత సారాంశం ఏమిటంటే, హక్కుల కోసం చేసే పోరాటానికి అన్యాయమే ఎదురైతే ఆ అన్యాయాన్ని ప్రేమతో ఎదుర్కొంటామని. రక్తం, సింహాసనం వంటి పదాలు అందులో ఉన్నాయి. ఉర్దూ కవిత్వంలో సింహాసనం ఎన్ని శతాబ్దాలుగా ఉందో గోల్కొండ నీడలో పెరిగిన తెలుగు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ప్రతాప్‌గఢీ ఎఫ్‌ఐఆర్ రద్దు కోసం గుజరాత్ హైకోర్టుకు వెళ్ళారు. జనవరి 17న హైకోర్టు పిటిషన్‌ను తోసిపుచ్చింది. కవిత ధోరణి సింహాసనం గురించి ఏదో సూచిస్తోందనీ, పోస్టుకు వచ్చిన స్పందనలు సామాజిక సామరస్యానికి మంచివి కావనీ, పార్లమెంటు సభ్యుడు మరింత నిగ్రహంగా ఉండాలనీ, పోలీసుల నోటీసులకు ఆయన స్పందించలేదనీ వ్యాఖ్యానించింది. వీటన్నిటి మీదా కప్పిన దుప్పటి మాత్రం ఒక్కటే: దర్యాప్తు ఇంకా తొలిదశలో ఉంది, మరింత దర్యాప్తు అవసరం.

మరింత దర్యాప్తు దేనిమీద? వీడియో బహిరంగంగా ఉంది. ఖాతా ఎవరిదన్న సందేహం లేదు. తాను పెట్టలేదని ఆయన అనడం లేదు. కవితలోని ప్రతి పదమూ కోర్టు ముందు ఉంది. ఉర్దూ రానివారికి అనువాదం ఉంది. మాటలే నేరమని ఆరోపించినప్పుడు నేరస్థలమూ, ఆయుధమూ, సాక్ష్యమూ అన్నీ ఆ మాటలే. పోలీసులు మరో ఆరు నెలలు శ్రమించినా ఆ 46 సెకన్లు 47 కావు. మిగిలింది చదవడం ఒక్కటే. అది ఇన్‌స్పెక్టర్ కంటే న్యాయమూర్తి బాగా చేయవలసిన పని. నోటీసుకు జవాబివ్వకపోవడమనేది వేరే సంగతి. నేరమే ఏర్పడని మాట, నోటీసును పట్టించుకోనందువల్ల నేరమైపోదు.

సుప్రీంకోర్టు జనవరి 21న మధ్యంతర రక్షణ ఇచ్చింది. మార్చి 28న జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్ ధర్మాసనం ఎఫ్‌ఐఆర్‌ను రద్దు చేసింది. ఆ తీర్పులో వాక్స్వాతంత్ర్యం గురించి ఉన్న భాగాన్ని అందరూ చదివారు, పంచుకున్నారు. నాకు అంతకంటే విలువైనవిగా తోచినవి రెండు పొడి విషయాలు.

మొదటిది, ‘తొలిదశ’ అనే దుప్పటిని కోర్టు లాగివేసింది. ఆరోపణను ఉన్నదున్నట్టు చదివినా నేరం కనిపించనప్పుడు, దర్యాప్తు మొదట్లోనే ఉందన్న కారణంతో హైకోర్టు వెనక్కి తగ్గాలన్న నియమమేదీ లేదని చెప్పింది. మాటల ప్రభావాన్ని కొలిచేటప్పుడు ప్రతిదానికీ ఉలిక్కిపడే బలహీన మనస్కుణ్ణి కాక, స్థిరచిత్తమూ ధైర్యమూ ఉన్న సామాన్య వివేకవంతుణ్ణి ప్రమాణంగా తీసుకోవాలన్న పాత సూత్రాన్ని గుర్తుచేసింది. ఈ సూత్రం నాగపూర్ హైకోర్టులో జస్టిస్ వివియన్ బోస్ 1940ల్లో చెప్పినది. అంటే గుజరాత్ హైకోర్టుకు ఇది కొత్త విషయమేమీ కాదు.

రెండోది పోలీసులకు సంబంధించినది. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం, మూడేళ్లు మొదలుకొని ఏడేళ్లకు లోపు శిక్ష పడగల నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపి, కేసు పెట్టడానికి తగిన ఆధారం ఉందో లేదో తేల్చుకోవచ్చు. పాత చట్టంలో ఇలాంటి నిబంధన లేదు. మాట, రాత, కళ మీద వచ్చే ఫిర్యాదులు ఈ శిక్షా పరిమితిలోకి వస్తే, కేసు నమోదుకు ముందు ఈ ప్రాథమిక విచారణ జరపడమే ఎప్పుడూ సముచితమని సుప్రీంకోర్టు చెప్పింది. జామ్‌నగర్‌లో ఆ పని చేసి ఉంటే, డీఎస్పీ కవితను ఒక్కసారి చదివి ఉంటే, వ్యవహారం స్టేషన్ గడప దాటేది కాదు. నా ఉద్దేశంలో ఇకపై ఇటువంటి క్వాష్ పిటిషన్లో హైకోర్టు అడగవలసిన మొదటి కాగితం ఆ 14 రోజుల విచారణ నివేదిక. అది లేదంటే ఎందుకు లేదో పోలీసులే చెప్పుకోవాలి.

ఎఫ్‌ఐఆర్ నమోదు నుంచి రద్దు వరకు 84 రోజులు పట్టింది. ఆయన ఎంపీ, దేశంలో పేరున్న సీనియర్ న్యాయవాదులు ఆయన తరఫున నిలిచారు. అదే కవితను జిల్లా కేంద్రంలో ఒక డిగ్రీ విద్యార్థి వాట్సాప్ స్టేటస్‌గా పెడితే, హైకోర్టు ‘తొలిదశ’ అన్న రోజే అతని కథ ముగిసేది. ఢిల్లీ దాకా వెళ్ళే స్తోమత ఎక్కడిది? ఫోన్ స్వాధీనం, నోటీసులు, స్టేషన్ చుట్టూ ప్రదక్షిణలు, ఉద్యోగ దరఖాస్తులో ‘మీపై కేసులున్నాయా’ అనే గడి. తీర్పుతో పనిలేకుండానే శిక్ష అమలవుతుంది.

ఇక రెండో కోవ కేసులు. ఇక్కడ డబ్బు కదిలింది, ఫైలు కదిలింది, సంతకం ఉంది, ఎవరికి లాభం కలిగిందన్నది తేలాలి. ఇవి చదివితే తేలే కేసులు కావు, వెతికితే తేలేవి. ఎఫ్‌ఐఆర్‌లో చెప్పినదాని మీద నేరం ఏర్పడేటట్లు ఉంటే హైకోర్టు వెనక్కి తగ్గడమే సబబు. తెలుగు రాష్ట్రాల్లో ఈ మధ్య రెండు ప్రసిద్ధ ఉదాహరణలు చూశాం. నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో చంద్రబాబు నాయుడు క్వాష్ పిటిషన్‌ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2023 సెప్టెంబరు 22న తోసిపుచ్చింది. దర్యాప్తు ముగింపుకు చేరువలో ఉన్నందున జోక్యం చేసుకోబోమంది. ఫార్ములా ఈ రేసు కేసులో కె.టి. రామారావు పిటిషన్‌ను తెలంగాణ హైకోర్టు 2025 జనవరి 7న తోసిపుచ్చింది. ఏసీబీ ఎఫ్‌ఐఆర్ నమోదై మూడు వారాలైనా కాలేదు, దర్యాప్తు సాగనివ్వాలంది. ఒకచోట ముగింపు కనుక జోక్యం కూడదు, మరోచోట ఆరంభం కనుక కూడదు. ఇలా దశను బట్టి కారణం చెప్పడం నాకు సంతృప్తినివ్వదు. కానీ రెండు నిర్ణయాల వెనుకా ఉన్న మూలసూత్రం సరైనదే: వివాదంలో ఉన్న వాస్తవాలపై హైకోర్టు చిన్నపాటి విచారణ నడపకూడదు.

చంద్రబాబు కేసులో అసలు న్యాయప్రశ్న ఒకటి ఉంది. అవినీతి నిరోధక చట్టం 17ఏ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిర్ణయాలపై దర్యాప్తుకు ముందస్తు అనుమతి కావాలన్న నిబంధన ఆయనకు వర్తిస్తుందా? దీనికి సాక్షులతో పనిలేదు, తేదీలూ చట్టమూ చాలు. 2024 జనవరి 16న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు దీనిపైనే చెరో దారి పట్టారు. ఎఫ్‌ఐఆర్ మాత్రం రద్దు కాలేదు. ఇలాంటి శుద్ధ న్యాయప్రశ్నకు జవాబు చెప్పడం హైకోర్టు బాధ్యత, దానికి ‘దశ’ అడ్డు కాకూడదు. అలాగే పిటిషన్ వీగిపోవడం నేర నిరూపణ కాదు. ఇద్దరు నాయకుల విషయంలోనూ అవతలి పార్టీల సామాజిక మాధ్యమ సైన్యాలు ఆ రాత్రే ‘అవినీతి రుజువైంది’ అని పోస్టర్లు వేశాయి. హైకోర్టు చెప్పింది వెతకనివ్వండని మాత్రమే.

తేల్చడమూ కాని, తప్పుకోవడమూ కాని ఆ మూడో పని సంగతి ఇప్పుడు చెప్పాలి. ఎక్కువ హాని అక్కడే జరుగుతోంది, ఎక్కువ నిశ్శబ్దమూ అక్కడే ఉంది.

దీనికి ఒక పాత ఉదాహరణ హైదరాబాద్‌దే. అప్పటికి రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా ఉన్న హైకోర్టు ఒక హత్యాయత్నం కేసులో ఎఫ్‌ఐఆర్‌ను రద్దు చేయడానికి నిరాకరించింది. అక్కడితో ఆగకుండా, దర్యాప్తు పూర్తయ్యేదాకా నిందితులను అరెస్టు చేయవద్దని పోలీసులను ఆదేశించింది. తెలంగాణ ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. 2017 జనవరిలో జస్టిస్ దీపక్ మిశ్రా ధర్మాసనం ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. క్వాష్ చేయనంటూనే ముందస్తు బెయిలు లాంటిది దొడ్డిదారిన ఇవ్వడం చట్టం ఊహించని పని అని చెప్పింది. అయినా అలవాటు పోలేదు. ‘పిటిషనర్లపై తదుపరి ఉత్తర్వుల వరకు కఠిన చర్యలు తీసుకోవద్దు’ అనే ఒక్క వాక్యపు ఉత్తర్వులు దేశమంతటా కొనసాగాయి. ముంబయికి చెందిన నీహారిక ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులో 2021 ఏప్రిల్ 13న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్ళీ చెప్పవలసి వచ్చింది: దర్యాప్తును ఆపడం అరుదుగా జరగాలి, ఆపితే కారణాలు రాయాలి, ‘కఠిన చర్యలు’ అంటే ఏమిటో స్పష్టంగా చెప్పాలి. అరెస్టు ఒక్కటే కఠిన చర్యా? నోటీసు ఇవ్వడం, బ్యాంకు ఖాతా స్తంభింపజేయడం, సోదా చేయడం కూడానా? ఉత్తర్వులో లేకపోతే దర్యాప్తు అధికారి తనకు అనువైన అర్థం తీసుకుంటాడు. ధైర్యం లేనివాడు ఫైలు మూసి బీరువాలో పెడతాడు. ధైర్యం ఎక్కువైనవాడు కోర్టు ధిక్కార నోటీసు అందుకుంటాడు.

మరి ఆపిన కేసు ఎన్నాళ్లు ఆగుతుంది? 2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో సుప్రీంకోర్టు, స్టే ఉత్తర్వు కారణాలతో పొడిగించకపోతే ఆరు నెలలకు దానంతటదే రద్దవుతుందని నిర్దేశించింది. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ నియమాన్ని తొలగించింది. విననందుకు తప్పు కోర్టుదైతే నష్టం పిటిషనర్‌కు ఎందుకన్నది దాని తర్కం. తర్కం బాగుంది. కానీ ఫలితం ఏమిటంటే ఈ రోజు ఒక స్టే, హైకోర్టు మళ్ళీ ఆ ఫైలు తెరిచేదాకా బతికి ఉంటుంది. తెరవడం జాబితాను బట్టి ఉంటుంది. జాబితాలో కేసు పైకి రావాలని పట్టుబట్టవలసినది ప్రభుత్వ న్యాయవాది. నిందితుడు అధికార పక్షంవాడైతే ఆయన ఎందుకు పట్టుబడతాడు? ప్రభుత్వం మారినప్పుడు అయిదేళ్ల కిందటి స్టేలు హఠాత్తుగా ‘అత్యవసరం’గా మారడం, మరికొన్ని అంతే హఠాత్తుగా నిద్రలోకి జారడం ఢిల్లీలోనూ లక్నోలోనూ అమరావతిలోనూ ఒకే తీరున కనిపిస్తుంది.

ఆ నిద్రాకాలంలో సాక్ష్యం నిద్రపోదు, చచ్చిపోతుంది. సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది వారాల్లోనే చెరిగిపోతాయి. ఫోన్లు మారిపోతాయి. గుమస్తా రిటైరవుతాడు. సాక్షి ఊరు విడిచి వెళ్తాడు, లేదా రాజీపడతాడు. మూడేళ్ల తరువాత స్టే ఎత్తివేస్తే దర్యాప్తు అధికారి చేతిలో ఉండేది ఎఫ్‌ఐఆర్ ప్రతి ఒక్కటే. అప్పుడు ‘ఆధారాలు లేవు’ అని కేసు మూసివేస్తే, ఆధారాలు ఎవరు లేకుండా చేశారన్న ప్రశ్న ఎవరికి వేయాలి?

దీనికి ఎదురయ్యే వాదన నాకు తెలుసు, దానిలో బలమూ ఉంది. పోలీసులు ప్రభుత్వాల చేతుల్లో ఉన్న దేశంలో, తప్పుడు కేసు పెట్టి రాత్రికి రాత్రి ఇంటి తలుపు కొట్టే దేశంలో, హైకోర్టు ఇచ్చే మధ్యంతర రక్షణ ఒక్కటే పౌరుడికి గొడుగు అంటారు. నిజమే. కానీ అరెస్టు నుంచి రక్షణ వేరు, దర్యాప్తు నుంచి రక్షణ వేరు. మొదటిదానికి చట్టంలో దారి ఉంది. అదే ఇందాక చెప్పిన కొత్త 482వ సెక్షన్, ముందస్తు బెయిలు. అది పొందినవాడు ఇంట్లో నిద్రపోతాడు, దర్యాప్తు సాగుతుంది, పిలిచినప్పుడు స్టేషన్‌కు వెళ్తాడు. సామాన్యుడికి కావలసింది అదే. దర్యాప్తే ఆగాలని కోరుకునేవారిలో కొందరు నిజంగా అన్యాయానికి గురైనవారు. వారికి తక్షణం వినడమే న్యాయం, వాయిదా కాదు. మిగిలినవారికి కావలసింది కాలం. సగంలో ఆపే ఉత్తర్వు ఈ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ ఉపయోగపడుతోందో ఆలోచించండి.

ఇంతవరకూ నిందితుడి గురించీ, పోలీసుల గురించీ మాట్లాడాను. క్వాష్ పిటిషన్లో మరో మనిషి ఉంటాడు. పిటిషన్ మొదటి పేజీలో రెండో ప్రతివాదిగా కనిపించే ఫిర్యాదుదారు. మొదటి రోజే స్టే వచ్చే సందర్భాల్లో చాలాసార్లు ఆయనకు నోటీసైనా అంది ఉండదు. ఒక్కోసారి ఆయన అంగీకారమే ఆయనకు ద్రోహమవుతుంది. రాజస్థాన్‌లో ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు మైనర్ విద్యార్థినిని లైంగికంగా వేధించాడని 2022 జనవరిలో ఎఫ్‌ఐఆర్ నమోదైంది, పోక్సో సెక్షన్లతో సహా. నెల తిరగకుండానే తండ్రికీ ఉపాధ్యాయుడికీ మధ్య రాజీ పత్రం తయారైంది. 2022 ఫిబ్రవరి 4న హైకోర్టు ఆ రాజీని చూసి ఎఫ్‌ఐఆర్‌ను రద్దు చేసింది. డబ్బు తగాదాల్లో, భార్యాభర్తల వివాదాల్లో రాజీ మీద కేసులు ముగించవచ్చని 2012లో జ్ఞాన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు అనుమతించిన మాట వాస్తవం. సమాజం మొత్తానికి హాని కలిగించే నేరాలకు ఆ దారి లేదని అదే తీర్పు చెప్పిన మాట కూడా వాస్తవమే. ఆ రెండో సగాన్ని హైకోర్టు చదవలేదు.

రాష్ట్ర ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళలేదు. బాలిక కుటుంబం వెళ్ళలేదు. ఆ కేసుతో ఏ సంబంధమూ లేని ఇద్దరు స్థానికులు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. మీకేమి హక్కు అన్న అభ్యంతరాన్ని కూడా దాటవలసి వచ్చింది. 2024 నవంబరు 7న జస్టిస్ సి.టి. రవికుమార్, జస్టిస్ సంజయ్ కుమార్ ధర్మాసనం హైకోర్టు ఉత్తర్వును రద్దు చేసి, ఎఫ్‌ఐఆర్‌నూ దర్యాప్తునూ చట్టప్రకారం ముందుకు తీసుకువెళ్ళమంది. అంటే నెలలోపు ఆగిన కేసు మళ్ళీ కదలడానికి రెండేళ్ల తొమ్మిది నెలలు పట్టింది. ఆ బడిలో ఆ రోజు ఏం జరిగిందో గుర్తుంచుకుని చెప్పగల పిల్లలను ఇప్పుడు వెతకవలసినది పోలీసులు.